కొత్తగా వచ్చిన సన్‌స్క్రీన్ డబ్బా మీద అక్షరాల మధ్య ఖాళీ తేడాగా ఉంది, నకిలీయేనా?

శ్రావణి_గుంటూరు
అందరికీ నమస్కారం. కొరియా కంపెనీ సన్‌స్క్రీన్ ఒకటి చాలా కాలంగా వాడుతున్నాను. 50 మి.లీ. ట్యూబు, అట్టపెట్టెలో వస్తుంది. పోయినసారి విజయవాడలో ఒక షాపులో కొన్నాను. ఈసారి ఆన్‌లైన్‌లో, అంతకు ముందు పేరు వినని అమ్మకందారు దగ్గర బాగా తక్కువ ధరకి కనిపిస్తే తెప్పించాను. పాత అట్టపెట్టె ఇంకా నా దగ్గరే ఉంది.

రెండూ పక్కన పెట్టి చూస్తే బొమ్మలు, రంగులు, లోగో ఒకేలా ఉన్నాయి. వెనక వైపు ఇంగ్లిష్‌లో ఉన్న పదార్థాల జాబితా మాత్రం కొత్త డబ్బా మీద కాస్త పలచగా, అక్షరాలు విడివిడిగా ఉన్నట్టు అనిపిస్తోంది. పాత దాంట్లో నాలుగో లైను చివర ఉన్న మాట కొత్త దాంట్లో ఐదో లైనులోకి దిగింది. కింద బ్యాచ్ నంబరు కూడా కొంచెం వంకరగా ఉంది. పాత డబ్బా మీద దిగుమతిదారు స్టిక్కర్ ఉంది, కొత్త దాని మీద లేదు. ట్యూబు ఇంకా తెరవలేదు. రిటర్న్ గడువు దగ్గర పడుతోంది, టెన్షన్‌గా ఉంది. ప్రింటు చూసి ఇది అసలుదో కాదో చెప్పగలమా?

వెంకట్79
బార్‌కోడ్ చూడండి మేడం. 890తో మొదలైతే మన దేశం సరుకు, అసలుది. అలా లేకపోతే అనుమానించాల్సిందే. బ్యాచ్ నంబరు వంకరగా ఉందంటే ఇక నాకైతే సందేహం లేదు, నకిలీ. పెద్ద కంపెనీలు వంకరగా కొట్టవు.

ప్రీప్రెస్_రమణ
శ్రావణి గారూ, నేను హైదరాబాద్‌లో అట్టపెట్టెలు వేసే ప్రెస్సులో ప్లేట్లకి ముందు ఫైళ్లు సరిచూసే పని చేస్తాను. మందుల డబ్బాలు, సౌందర్య సాధనాల డబ్బాలు రోజూ చేతుల్లోంచి పోతుంటాయి.

వెంకట్ గారు బార్‌కోడ్ చూడమన్నది మంచిదే కానీ 890 అంటే ఆ కంపెనీ నంబరు తీసుకున్నది ఇండియాలో అని మాత్రమే. సరుకు ఎక్కడ తయారైందో అది చెప్పదు. కొరియాలో నమోదైన కంపెనీల నంబర్లు 880తో మొదలవుతాయి, కాబట్టి ఈ డబ్బా మీద 880 ఉండటమే సహజం. పైగా నకిలీ చేసేవాడు బార్‌కోడ్‌ని ఉన్నదున్నట్టు ఎత్తేస్తాడు, చివరి అంకె లెక్క కూడా సరిగ్గానే కుదురుతుంది.

బ్యాచ్ నంబరు వంకర సంగతి. అట్టపెట్టె మా దగ్గర అచ్చవుతుంది. బ్యాచ్, తేదీ మాత్రం సరుకు నింపిన తర్వాత ఫ్యాక్టరీలో కన్వేయర్ మీద వెళ్తుంటే ఇంక్‌జెట్ మెషీన్ చిన్న చిన్న చుక్కలతో కొడుతుంది. పెట్టె కాస్త కదిలితే వంకర పోతుంది, చుక్కలు సాగుతాయి. అది మామూలే. మిగతా అక్షరాలంత పదునుగా, అదే సిరాతో, చక్కగా లైనులో కూర్చున్న బ్యాచ్ నంబరు కనిపిస్తే నాకు ఎక్కువ అనుమానం వస్తుంది. అంటే డిజైన్‌తో పాటే అచ్చేసి, వేల పెట్టెలకి ఒకే నంబరు పెట్టారేమో అనిపిస్తుంది.

మీరు గమనించిన పదార్థాల జాబితానే అసలు ఆధారం. లోగో, బొమ్మ అందరూ చూస్తారు కాబట్టి నకిలీ చేసేవాడు అక్కడ జాగ్రత్త పడతాడు. వెనక వైపు చిన్న అక్షరాల్ని స్కాన్ చేస్తే అలుక్కుపోతాయి, అందుకని కొత్తగా టైపు చేయాల్సి వస్తుంది. అక్కడ అసలు ఫాంట్ దొరక్కపోతే దగ్గరగా ఉన్నది పెడతాడు. దొరికినా, అసలు డిజైనర్ ఆ చోటులో పట్టడానికి అక్షరాల్ని ఎంత దగ్గరికి లాగాడో వీడికి తెలియదు. లైన్లు విరిగే చోటు మారడం అలాగే వస్తుంది.

అయితే లైను విరగడం ఒక్కటే చూసి తేల్చకండి. కంపెనీ ఒక పదార్థం మార్చినా లైన్లన్నీ జరుగుతాయి. రెండు డబ్బాల్లోనూ ఉన్న ఒకే మాట పట్టుకుని కొలవండి. పొడవాటి మాట అయితే మేలు. సన్‌స్క్రీన్‌లో సాధారణంగా ఫినాక్సీఇథనాల్ ఉంటుంది, పధ్నాలుగు అక్షరాలు. ఫోనుతో ఫొటో తీస్తే లెన్స్ వల్ల అంచులు సాగుతాయి. జిరాక్స్ షాపులో రెండు డబ్బాల్నీ విప్పి పరిచి 600 డీపీఐలో స్కాన్ చేయించండి. స్కానర్ గాజు మీద ఒకే దిక్కుగా పెట్టండి.

లక్ష్మీ_చేతిసబ్బులు
నాకూ ఇదే సమస్య సార్! నేను ఇంట్లో సబ్బులు చేసి అమ్ముతాను. లేబుల్ కంప్యూటర్‌లో చూస్తే బాగుంటుంది, ప్రెస్సులో వేయిస్తే అక్షరాల మధ్య ఖాళీలు మారిపోతున్నాయి. తెలుగు ఒత్తులైతే పక్క అక్షరం మీదికి ఎక్కేస్తున్నాయి. ఏం సెట్టింగ్ పెట్టాలి?

ప్రీప్రెస్_రమణ
లక్ష్మి గారూ, మీది వేరే సంగతి అయినా కారణం ఒకటే. మీరు వాడిన ఫాంట్ ప్రెస్సువాళ్ల కంప్యూటర్‌లో లేకపోతే ఆ సాఫ్ట్‌వేర్ తన దగ్గరున్న ఇంకో ఫాంట్ పెట్టేస్తుంది. దాంతో వెడల్పులు, ఖాళీలు, ఒత్తుల చోటు అన్నీ మారతాయి. ఫైలు పంపే ముందు అక్షరాల్ని కర్వ్స్‌గా మార్చి పంపండి. అప్పుడు అవి అక్షరాలుగా కాక గీతలుగా వెళ్తాయి, ఎవరి కంప్యూటర్‌లో తెరిచినా మారవు. తర్వాత దిద్దడం కుదరదు కాబట్టి మార్చకముందు ఫైలు ఒకటి దాచుకోండి. మిగతాది విడిగా పోస్టు పెట్టండి, అక్కడ చెప్తాను.

సుధీర్_డాలస్
మా అత్తయ్య ఇక్కడ నుంచి తీసుకెళ్లిన అదే తరహా కొరియా సన్‌స్క్రీన్ డబ్బా వెనక మొత్తం వేరేగా ఉంటుంది. హైదరాబాద్‌లో మా బావగారు నకిలీ అన్నారు. శ్రావణి గారి పాత డబ్బా ఏ దేశం కోసం వేసిందో ముందు చూసుకోవాలి కదా?

ప్రీప్రెస్_రమణ
మంచి మాట. అమెరికాలో సన్‌స్క్రీన్‌ని మందు కింద లెక్కేస్తారు, అందుకని మందుల వివరాల పట్టిక గళ్లు గీసి వేయాలి. ఆ డబ్బాకీ కొరియాలో అమ్మే డబ్బాకీ వెనక వైపు పోలికే ఉండదు. దాన్ని పెట్టుకుని అక్షరాలు కొలిస్తే ఉపయోగం లేదు. శ్రావణి గారూ, మీ రెండు డబ్బాల మీదా కొరియన్ అక్షరాలు ఒకే చోట ఒకే విషయం చెప్తున్నాయా?

శ్రావణి_గుంటూరు
అవునండీ, రెండూ ఒకే తరహా. కొరియన్, దాని కింద ఇంగ్లిష్. బార్‌కోడ్ రెండింటి మీదా 880తోనే, అంకెలన్నీ ఒకటే.

స్కాన్ చేయించాను. మీరు చెప్పిన మాటే కొలిచాను. పాత డబ్బా మీద 300 పిక్సెళ్లు, కొత్త డబ్బా మీద 318. మొదటి పెద్ద అక్షరం ఎత్తు రెండింటిలోనూ 30. మధ్యలో గుండ్రంగా ఉండే ‘ఓ’ అక్షరం వెడల్పు కూడా చూశాను, తేడా కనిపించలేదు.

ప్రీప్రెస్_రమణ
చాలా శ్రద్ధగా కొలిచారు. ‘ఓ’ వెడల్పు చూడటం నేను చెప్పకుండానే చేశారు, అదే ఇక్కడ కీలకం.

600 డీపీఐలో ఒక మిల్లీమీటరుకి 23.6 పిక్సెళ్లు. అంటే పాత మాట సుమారు 12.7 మిల్లీమీటర్లు, కొత్తది 13.5. పధ్నాలుగు అక్షరాల మధ్య పదమూడు ఖాళీలు. 18 పిక్సెళ్లని పదమూడింటికి పంచితే ఒక్కో ఖాళీకి 1.4 పిక్సెల్, అంటే మిల్లీమీటరులో నూరింట ఆరు వంతులు. ఒక ఖాళీని విడిగా చూస్తే కంటికి ఆనదు. అన్నీ కలిసేసరికి లైను మొత్తం పలచబడినట్టు కనిపిస్తుంది. మీకు అనిపించింది అదే.

డబ్బా మొత్తం పెద్దదిగా అచ్చయితే ఎత్తు కూడా పెరగాలి. పెరగలేదు. అట్ట తేమకి సాగుతుంది, నిజమే, కానీ ఆ సాగుడు నూటికి ఒక వంతు కూడా ఉండదు. ఇక్కడ నూటికి ఆరు. అక్షరాల వెడల్పు మారలేదు కాబట్టి సాగదీసిందీ కాదు. అక్షరాలు అవే, వాటి మధ్య ఖాళీలే పెరిగాయి. అంటే ఈ డబ్బా పాత ఫైలు నుంచి వచ్చింది కాదు, ఎవరో ఆ జాబితాని మళ్లీ టైపు చేశారు. కంపెనీ వాళ్లే చేశారా, ఇంకెవరైనానా అన్నది ఈ కొలత ఒక్కటే చెప్పదు.

ఇప్పుడు భూతద్దం కావాలి. నగల షాపులో వాడే పది రెట్ల లూప్ అయితే బాగుంటుంది. లేకపోతే ఫోనులో మాక్రో పెట్టి, పక్క నుంచి లైటు వేసి తీయండి. రెండు చోట్ల చూడండి. ఒకటి ఆ చిన్న నల్ల అక్షరాలు. రెండోది డబ్బా ముందు వైపు ఖాళీగా ఉన్న నారింజ రంగు పట్టీ.

కిరణ్_ట్రేడర్స్
నేను అమ్మకందారు వైపు నుంచి ఒక మాట చెప్తాను. నేను చిన్న దేశీయ బ్రాండ్ల క్రీములు ఆన్‌లైన్‌లో అమ్ముతాను, నేరుగా కంపెనీ నుంచే తెస్తాను. ఒక బ్రాండ్ ప్రెస్సు మార్చింది, కొత్త ప్రెస్సు జాబితాని మళ్లీ టైపు చేసింది. కొనుగోలుదారు పాత డబ్బాతో పోల్చి నకిలీ అని రిటర్న్ పెట్టాడు, ఒక నక్షత్రం రేటింగ్ ఇచ్చాడు. మాది నిజమైన సరుకే. ఇలాంటి పోస్టులు చదివి అందరూ స్కేలు పట్టుకుంటే మాలాంటి వాళ్లం ఏమవ్వాలి?

ప్రీప్రెస్_రమణ
కిరణ్ గారూ, మీ బాధ నిజం. అందుకే ఖాళీ కొలత ఒక్కటే చూసి తేల్చకూడదని పైన అన్నాను. మీరన్నట్టు చిన్న బ్రాండ్లు కొద్ది సంఖ్యలో డిజిటల్ ప్రింటింగ్ వేయించుకుంటాయి. అక్కడ నల్ల అక్షరం తప్ప మిగతా అంతా నాలుగు రంగుల చుక్కలతోనే వస్తుంది, సరుకు అసలుదే అయినా. నేను ఇప్పుడు శ్రావణి గారిని చూడమన్న పరీక్ష మీ సరుకుకి పనికిరాదు. లక్షల్లో ఆఫ్‌సెట్ వేయించే కంపెనీ డబ్బాలకే పనికొస్తుంది, అది కూడా పాత డబ్బా పక్కన ఉంటేనే.

వెంకట్79
ఇంత శ్రమ ఎందుకండీ, ధర అంత తక్కువంటేనే తెలిసిపోతోంది. రిటర్న్ కొట్టి ఊరుకోండి.

శ్రావణి_గుంటూరు
రిటర్న్ పెట్టడానికి కారణం రాయమంటారు వెంకట్ గారూ. ‘ధర తక్కువ’ అని రాస్తే ఒప్పుకోరు కదా. అదీగాక ఇది ముఖానికి రాసుకునేది, మా పాప కూడా వాడుతుంది. నాకు తెలియాలి.

మా వీధిలో నగల పని చేసే అతని దగ్గర లూప్ తీసుకుని చూశాను. చిన్న నల్ల అక్షరాలు రెండు డబ్బాల్లోనూ శుభ్రంగా, నిండు నలుపుగా ఉన్నాయి. చుక్కలు లేవు, రంగు అంచులు లేవు. ఇది చూసి అసలుదేనేమో అనుకున్నాను. నారింజ పట్టీ దగ్గర మాత్రం పాత డబ్బా మీద ఒకే రంగు పూసినట్టు నున్నగా ఉంది. కొత్త దాని మీద పసుపు, గులాబీ చుక్కలు గుంపులుగా కనిపిస్తున్నాయి. లోగో అక్షరాల అంచు కూడా చుక్కలతో రంపంలా ఉంది.

ప్రీప్రెస్_రమణ
ఇప్పుడు బొమ్మ స్పష్టమైంది.

కంపెనీ తన నారింజ రంగుని ప్రత్యేకంగా కలిపిన ఒకే సిరాతో వేయిస్తుంది. అలా వేస్తే భూతద్దంలో చుక్కలు ఉండవు, రంగు ఒకే పొరగా ఉంటుంది. అసలు డబ్బాని స్కాన్ చేసి మళ్లీ అచ్చేసేవాడు ఆ సిరా కలపడు. మామూలు నాలుగు రంగులతోనే నారింజ తెప్పించాలి. అప్పుడు పసుపు చుక్కలు, గులాబీ చుక్కలు కలిపి వేయాల్సిందే. లోగో కూడా స్కాన్‌లోంచే వచ్చింది కాబట్టి అంచు చుక్కలుగా పగిలింది. అసలు ఫైలులో లోగో గీతగా ఉంటుంది, అంచు కత్తితో కోసినట్టు వస్తుంది.

నల్ల అక్షరాలు శుభ్రంగా ఉన్నాయంటే వాటిని స్కాన్ చేయలేదు, కొత్తగా టైపు చేసి ఒక్క నలుపు ప్లేటుతో వేశారు. అందుకే చుక్కలు లేవు, ఖాళీలు మాత్రం మారాయి. ముందు వైపు స్కాన్, వెనక వైపు టైపు. ఈ రెండూ ఒకే డబ్బా మీద కలిసి కనపడితే, కంపెనీయే ప్రెస్సు మార్చిందని అనుకోవడం నాకు కష్టం. కంపెనీ దగ్గర అసలు ఫైలు ఉంటుంది, తన లోగోని తానే స్కాన్ చేసుకోవాల్సిన అవసరం ఏముంటుంది?

ఒక్క జాగ్రత్త మాత్రం చెప్తాను. రంగు నేపథ్యం మీద తెల్లగా వదిలిన చిన్న అక్షరాలుంటే వాటి అంచుల్లో గులాబీయో నీలమో కనిపించినా పట్టించుకోకండి. ప్లేట్లు వెంట్రుకవాసి జరిగితే అసలు డబ్బా మీద కూడా అలా వస్తుంది.

పద్మ_పెనుకొండ
నేను పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీలో కొరియన్ అనువాదకురాలిని. శ్రావణీ, నువ్వు పెట్టిన స్కాన్‌లో కొరియన్ భాగం చూశానమ్మా. ఇంగ్లిష్ కంటే అక్కడే నాకు స్పష్టంగా కనిపించింది.

సన్‌స్క్రీన్‌ని కొరియాలో ‘ప్రత్యేక గుణమున్న సౌందర్య సాధనం’ అనే వర్గంలో పెడతారు, ఆ మాట డబ్బా మీద ఉంటుంది. ‘సౌందర్య సాధనం’ అనడానికి వాళ్ల మాట ‘హ్వజంగ్‌పుమ్’, మూడు అక్షరాలు కలిపే రాస్తారు. పాత డబ్బా మీద కలిపే ఉంది. కొత్త దాని మీద ‘హ్వ’ తర్వాత ఖాళీ ఇచ్చి ‘జంగ్‌పుమ్’ అని ఉంది, అదీ లైను మధ్యలో. లైను చివర అయితే నేను ఏమీ అనను, కొరియన్‌లో లైను చివర మాటని ఏ అక్షరం దగ్గరైనా విరవచ్చు. లైను మధ్యలో అక్కడ ఖాళీ ఇవ్వడం భాష తెలిసినవాళ్లు చేయరు.

ఇంకొకటి. కొత్త డబ్బా మీద కొరియన్ అక్షరాలు విండోస్‌తో వచ్చే మల్గున్ గోథిక్ ఫాంట్‌లా ఉన్నాయి. పాత దాని మీద ఉన్నది సన్నని వేరే ఫాంట్. మల్గున్ వాడినంత మాత్రాన నకిలీ అనలేం. కొరియాలో అంటించే స్టిక్కర్ల మీద అది మామూలుగా కనిపిస్తుంది. కానీ ఇంత పెద్ద బ్రాండ్ పెట్టె మీద ఒక డిజైన్ మధ్యలో ఫాంట్ మారిపోవడం నేను చూడలేదు.

తేదీ దగ్గర ‘కజి’ అనే మాట ఉందా చూడు. ఉంటే అది ‘అప్పటి లోపల వాడాలి’ అని. ‘జెజో’ ఉంటే తయారీ తేదీ. తేదీ సంవత్సరం, నెల, రోజు వరసలో ఉంటుంది. ఇక్కడ చాలామంది దాన్ని తిరగేసి చదివి గడువు అయిపోయిందని కంగారు పడతారు.

శ్రావణి_గుంటూరు
పద్మక్కా, చాలా థాంక్స్. తేదీ పక్కన ‘కజి’ ఉంది, అది రెండింటి మీదా సరిగ్గానే ఉంది. పెట్టె మీద బ్యాచ్, ట్యూబు చివర మడత మీద నొక్కిన బ్యాచ్ చూశాను. పాత దాంట్లో రెండూ ఒకటే. కొత్త దాంట్లో ట్యూబు మీద వేరే నంబరు ఉంది.

దిగుమతిదారు స్టిక్కర్ లేకపోవడం గురించి ఎవరూ చెప్పలేదు. అది ముఖ్యమా?

ప్రీప్రెస్_రమణ
ముఖ్యమే, కాకపోతే వేరే ప్రశ్నకి జవాబు అది. 2020 సౌందర్య సాధనాల నిబంధనల ప్రకారం దిగుమతి చేసిన సరుకు మీద రిజిస్ట్రేషన్ సర్టిఫికేట్ నంబరు, దిగుమతిదారు పేరు, చిరునామా ఉండాలి. లేదంటే సరైన దారిలో రాలేదని అర్థం. ఎవరో సూట్‌కేసులో తెచ్చిన అసలు సరుకు మీద కూడా స్టిక్కర్ ఉండదు. కాబట్టి స్టిక్కర్ లేకపోతే నకిలీ అని కాదు, ఉన్నంత మాత్రాన అసలుదీ కాదు. ఆ స్టిక్కర్ ఇక్కడే చిన్న మెషీన్ మీద కొడతారు, కాస్త మసకగా ఉండటం మామూలు. దాని ప్రింటు నాణ్యత చూసి ఏమీ తేల్చకండి.

రిటర్న్‌లో మాత్రం ఇదే మొదట రాయండి. ఖాళీల కొలత కస్టమర్ కేర్‌లో ఉన్నవాళ్లకి అర్థం కాదు, దిగుమతిదారు వివరాలు లేవంటే అర్థమవుతుంది. తర్వాత బ్యాచ్ నంబర్లు కలవలేదని రాయండి. స్కాన్లు జోడించండి. ఒప్పుకోకపోతే 1915కి, వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి చేయండి. ట్యూబు మాత్రం తెరవకండి.

కిరణ్_ట్రేడర్స్
ట్యూబు, పెట్టె బ్యాచ్‌లు వేరుగా ఉండటం కొన్ని కంపెనీల్లో మామూలే. ట్యూబు నింపిన రోజు ఒక నంబరు, పెట్టెలో పెట్టిన రోజు ఇంకో నంబరు వేస్తారు. అది ఆధారం అనకండి.

ప్రీప్రెస్_రమణ
కొన్ని కంపెనీలు అలా చేస్తాయి, ఒప్పుకుంటాను. ఇక్కడ అదే కంపెనీ పాత సరుకులో రెండూ ఒకటే ఉన్నాయి కదా. ఈ కంపెనీ పద్ధతి మార్చిందేమో నేను చెప్పలేను. నాకు నారింజ పట్టీ, కొరియన్ మాట మధ్య ఖాళీ చాలు.

శ్రావణి_గుంటూరు
అప్‌డేట్. రమణ గారు చెప్పిన వరసలోనే రాశాను. మొదట ‘ప్యాకింగ్ మారి ఉంటుంది’ అని జవాబు వచ్చింది. స్కాన్లు మళ్లీ పంపి, 1915లో ఫిర్యాదు నంబరు కూడా రాశాక డబ్బు వెనక్కి ఇచ్చారు. సరుకు వెనక్కి తీసుకోలేదు, పారేయమన్నారు. పారేయకుండా కవర్లో సీలు చేసి పెట్టాను. బ్రాండ్ వాళ్లకి మెయిల్ పెట్టాను, ఇంకా జవాబు లేదు. ఆ అమ్మకందారు పేజీ మాత్రం అలాగే ఉంది.

నవీన్_కరీంనగర్
ఈ పోస్టు ఇప్పుడే చూశాను. అదే సన్‌స్క్రీన్, నాకు వేరే అమ్మకందారు దగ్గర నుంచి వచ్చింది. నారింజ పట్టీలో చుక్కలు ఉన్నాయి, కానీ కొరియన్ మాట కలిపే ఉంది, దిగుమతిదారు స్టిక్కర్ కూడా ఉంది. నా దగ్గర పాత డబ్బా లేదు. ఇప్పుడు ఏమనుకోవాలి?

పద్మ_పెనుకొండ
నవీన్ గారూ, కొరియన్ ఫాంట్ సన్నగా ఉందా, లావుగా ఉందా? దగ్గరగా ఫొటో పెట్టండి.

ప్రీప్రెస్_రమణ
పోల్చడానికి శ్రావణి గారి పాత డబ్బా స్కాన్ పైన ఉంది, అదే వాడుకోండి. మీది కూడా 600 డీపీఐలోనే తీయించండి, ఫినాక్సీఇథనాల్ పొడవు, పెద్ద అక్షరం ఎత్తు రెండూ చెప్పండి. 300కి 30 వస్తే, చుక్కలు ఉన్నా నేను తొందరపడి నకిలీ అనను. కంపెనీ ఖర్చు తగ్గించుకోవడానికి ప్రత్యేక సిరా మానేసి నాలుగు రంగులకి మారి ఉండవచ్చు. అలా మార్పించుకున్న వాళ్లు మా ప్రెస్సుకి కూడా వస్తుంటారు. లోగో అంచు మాత్రం జాగ్రత్తగా చూడండి.

నవీన్_కరీంనగర్
లోగో అంచు ఫోనులో సరిగ్గా తెలియట్లేదు సార్. రేపు స్కాన్ చేయించి, కొలతలు, పద్మ గారు అడిగిన ఫొటో రెండూ పెడతాను.